స్క్రీన్‌షాట్‌లో వచ్చిన సర్వే జవాబులను శుభ్రం చేసి లెక్కపెట్టడం ఎలా?

వాట్సాప్ గ్రూపులో ఒకరు ఫారం పెడతారు, అందరూ నింపుతారు, చివరికి ఆ షీట్‌ను ఫోటో తీసి "దేనికి ఎన్ని వచ్చాయో చూసి చెప్పండి" అని మీకు పంపిస్తారు. చూస్తే ఒకే ఫ్లాట్ వాళ్లు రెండుసార్లు నింపి ఉంటారు, ఒకరు ఇడ్లీ అని, ఇంకొకరు idly అని రాసి ఉంటారు, మధ్యలో ఖాళీ గళ్లు ఉంటాయి. ఇలాంటి స్క్రీన్‌షాట్‌ను తప్పు లేకుండా ఎలా లెక్కపెట్టాలని చాలామంది అడుగుతున్నారు కాబట్టి, ఒక చిన్న ఉదాహరణను మొదటి నుంచి చివరిదాకా చేసి చూద్దాం.

ఉదాహరణ ఇదీ. ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు కార్తీక వనభోజనాలకు వెళ్తున్నారు. పొద్దున టిఫిన్ ఏం పెట్టించాలో తేల్చాలి. ఫారంలో ఇచ్చిన ఎంపికలు నాలుగు: ఇడ్లీ, దోశ, పూరీ, ఉప్మా. ఫ్లాట్‌కు ఒక్క జవాబే. అయితే ఫారం చేసినవారు ఎంపికలను గుర్తుపెట్టే విధంగా కాకుండా టైపు చేసే విధంగా ఇచ్చారు. అందుకే తలా ఒక రకంగా రాశారు.

కావలసినవి

- స్క్రీన్‌షాట్లు, కుదించని రూపంలో. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అక్షరాలు మసకబారతాయి. డాక్యుమెంట్‌గా పంపమనండి.
- గూగుల్ షీట్స్ లేదా ఎక్సెల్. కింద ఇచ్చిన సూత్రాలు గూగుల్ షీట్స్‌లో పనిచేస్తాయి. UNIQUE, SORT రెండూ పాత ఎక్సెల్‌లో ఉండవు, మిగతావి ఉంటాయి.
- ఒక కాగితం, పెన్ను. చివర సరిచూసుకోవడానికి.
- ఇరవై, ముప్పై వరుసలకు సుమారు గంట సమయం.

ఇవన్నీ సర్దుకునే ముందు ఒక మాట అడిగి చూడండి: "అసలు షీట్ లింకు పంపగలరా?" లింకు దొరికితే కింది మొదటి రెండు మెట్లూ అక్కర్లేదు, సరాసరి మూడో మెట్టు నుంచి మొదలుపెట్టవచ్చు. షీట్‌లో ఫోన్ నంబర్లు ఉన్నాయని పంపడానికి జంకుతుంటే, ఆ నిలువు వరుస తీసేసిన కాపీ పంపమనండి. స్క్రీన్‌షాట్‌లోనే నంబర్లు కనిపిస్తుంటే, దాన్ని ఇంకెవరికైనా చూపించే ముందు వాటిని కత్తిరించేయండి.

1. ముందు స్క్రీన్‌షాట్‌నే చదవండి

టైపు మొదలుపెట్టకముందే బొమ్మలో మూడు సంగతులు చూసుకోవాలి.

మొదటిది, ఎడమ అంచున ఉండే వరుస సంఖ్యలు. అవి 8 తర్వాత 9 కాకుండా 8 తర్వాత 10 అని ఉంటే మధ్యలో ఒక వరుస దాగి ఉందని అర్థం. పంపినవారు ఫిల్టర్ పెట్టి, తీయడం మరిచిపోయినప్పుడు ఇలా అవుతుంది. ఎంత జాగ్రత్తగా లెక్కపెట్టినా బొమ్మలో లేని వరుస మీ లెక్కలోకి రాదు. ఫిల్టర్ తీసి మళ్లీ పంపమనడమే దారి. వరుస సంఖ్యలు కనిపించకుండా కత్తిరించిన స్క్రీన్‌షాట్ అయితే తీసుకోకండి, అవి కనిపించేలా ఇంకోటి అడగండి.

రెండోది, గళ్ల వెడల్పు. గడి ఇరుకుగా ఉండి పక్క గడిలో ఏదైనా ఉంటే, పొడవైన జవాబు చివర తెగిపోయి కనిపిస్తుంది. మన ఉదాహరణలో 403 వాళ్లు "ఇడ్లీ, దోశ" అని రెండూ రాశారు. గడి ఇరుకైతే బొమ్మలో "ఇడ్లీ," వరకే కనబడుతుంది, మీరు దాన్ని ఇడ్లీ ఓటుగా వేసేస్తారు. ఏ గడిలోనైనా రాత సరిగ్గా కుడి గీతకు తగిలి ఆగిందంటే అనుమానించాలి. గడిని వెడల్పు చేసి మళ్లీ తీయమనండి.

మూడోది, ఒకటికి మించి స్క్రీన్‌షాట్లు ఉంటే ఎక్కడ కలుస్తున్నాయో చూడటం. కిందికి జరుపుతూ తీసేటప్పుడు మొదటి బొమ్మలోని చివరి వరుసలు రెండో బొమ్మ పైన మళ్లీ కనిపిస్తాయి. మన ఉదాహరణలో మొదటి బొమ్మలో 2 నుంచి 13 వరకు, రెండో బొమ్మలో 12 నుంచి 22 వరకు ఉన్నాయి. అంటే 12, 13 వరుసలు రెండుచోట్లా ఉన్నాయి. ఇది ఫోటో తీయడంలో వచ్చిన రెట్టింపే తప్ప ఎవరూ రెండుసార్లు నింపలేదు. ఈ తేడా మనసులో పెట్టుకోండి: వరుస సంఖ్య ఒకటే అయితే ఫోటో రెట్టింపు, వరుస సంఖ్యలు వేరై ఫ్లాట్ ఒకటే అయితే అసలైన రెట్టింపు.

2. షీట్‌లోకి ఎక్కించండి

ముప్పై వరుసల లోపు ఉంటే చేత్తో టైపు చేయడమే మేలు. వేగం కోసం గూగుల్ లెన్స్‌తో రాతను ఎంచుకుని కాపీ చేసుకోవచ్చు. ఎక్కువ వరుసలుంటే బొమ్మను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, కుడి క్లిక్ చేసి Open with, ఆపైన Google Docs ఎంచుకుంటే బొమ్మ కింద రాత వస్తుంది. కానీ ఏ పరికరం చదివినా రెండు తప్పులు తప్పకుండా వెతకాలి.

ఒకటి, ఖాళీ గడిని అది వదిలేస్తుంది. జవాబుల నిలువు వరుసను కాపీ చేస్తే 21 గళ్లకు 20 మాటలే వస్తాయి. అలాగే అతికిస్తే 7వ వరుసలో ఉండాల్సిన ఖాళీ పోయి, 8వ వరుస జవాబు 7వ దానికి, 9వది 8వ దానికి ఇలా అన్నీ ఒక మెట్టు పైకి జరుగుతాయి. చూడటానికి షీట్ చక్కగానే ఉంటుంది, జవాబులు మాత్రం పక్క ఫ్లాట్ పేరు మీద ఉంటాయి. పట్టుకోవడం సులువే: ప్రతి నిలువు వరుసా ఒకే చోట ముగిసిందో లేదో చూడండి. తర్వాత చివరి వరుసను, మధ్యలో ఒకటి రెండు వరుసలను బొమ్మతో పోల్చండి.

రెండోది, అక్షరాల పోలిక. పెద్ద I, చిన్న l, అంకె 1 పరికరానికి ఒకేలా కనిపిస్తాయి. Idli కాస్తా ldli అవుతుంది. కంటికి రెండూ ఒకటే, షీట్‌కు వేరు. తెలుగులో సున్నకూ అంకె 0కూ మధ్య, గుడికీ గుడిదీర్ఘానికీ మధ్య ఇదే తంటా. టైపు చేసినా, చదివించినా, చివర ఒకరు బొమ్మ చూసి పైకి చదువుతుంటే ఇంకొకరు షీట్‌లో టిక్కు పెట్టుకోవడం వల్ల దొరికే తప్పులు ఒంటరిగా ఎన్నిసార్లు చూసినా దొరకవు.

ఇంకో హెచ్చరిక. ఎక్కించేటప్పుడే తప్పులు దిద్దకండి. idly అని ఉంటే idly అనే రాయండి, ఖాళీ అయితే ఖాళీగానే వదలండి. దిద్దడం పక్క నిలువు వరుసలో చేద్దాం. అలా చేస్తే ఎవరైనా "మేం అలా రాయలేదు" అన్నప్పుడు అసలు రాత చూపించవచ్చు.

ఎక్కించాక A లో బొమ్మలోని వరుస సంఖ్య, B లో సమయం, C లో ఫ్లాట్, D లో జవాబు ఉండాలి. మొదటి వరుస శీర్షికలకు. రెండు బొమ్మల నుంచి 12, 11 కలిపి 23 వరుసలు వస్తాయి. A లో 12, 13 రెండేసి సార్లు కనబడతాయి, ఒక్కో కాపీ తీసేయండి. మిగిలినవి 21. ఏదీ తప్పిపోలేదని తెలుసుకోవడానికి రెండు ఖాళీ గళ్లలో ఇవి రాయండి:

```
=MAX(A2:A22)-MIN(A2:A22)+1
=COUNT(A2:A22)
```

రెండూ 21 చూపించాలి. మొదటిది ఎక్కువైతే ఒక వరుస వదిలేశారు. రెండోది ఎక్కువైతే ఒక వరుస రెండుసార్లు ఎక్కింది.

మన షీట్ ఇప్పుడు ఇలా ఉంది:

| వరుస | సమయం | ఫ్లాట్ | జవాబు |
|---|---|---|---|
| 2 | 18:02 | 101 | Idli |
| 3 | 18:05 | 203 | పూరీ |
| 4 | 18:05 | 203 | పూరీ |
| 5 | 18:11 | 102 | దోశ |
| 6 | 18:14 | 304 | idly |
| 7 | 18:20 | G-2 | |
| 8 | 18:26 | 201 | Poori |
| 9 | 18:31 | 103 | ఇడ్లి |
| 10 | 18:40 | 302 | Upma |
| 11 | 18:52 | 204 | దోసె |
| 12 | 19:03 | 104 | puri |
| 13 | 19:10 | 303 | - |
| 14 | 19:15 | 101 | దోశ |
| 15 | 19:22 | G-1 | ఇడ్లీ |
| 16 | 19:30 | 202 | ఉప్మా |
| 17 | 19:41 | 301 | ఏదైనా పర్లేదు |
| 18 | 19:48 | 402 | పూరి |
| 19 | 20:05 | 401 | Dosa |
| 20 | 20:12 | g2 | ఇడ్లీ |
| 21 | 20:30 | 403 | ఇడ్లీ, దోశ |
| 22 | 20:41 | 404 | Dosa |

3. నియమాలు ముందే కాగితం మీద రాసుకోండి

లెక్క చూశాక నియమం పెడితే, తెలియకుండానే మనకు నచ్చిన టిఫిన్ వైపు మొగ్గుతాం. అందుకే ఒక్క ఓటు కూడా లెక్కపెట్టకముందే ఈ నాలుగూ తేల్చుకుని రాసి పెట్టుకోండి:

- ఓటు ఎవరిది? ఇక్కడ ఫ్లాట్‌ది. హాస్టల్ అయితే గదిని లెక్కించకూడదు, మనిషినే లెక్కించాలి.
- ఒకే ఫ్లాట్ రెండుసార్లు నింపితే ఏది ఉంచాలి? చివరిగా నింపినది. మనసు మార్చుకుని మళ్లీ నింపి ఉంటారు కాబట్టి. అయితే చివరిది ఖాళీగా ఉంటే దానికి ముందుది.
- గీత, చుక్క, NA లాంటివి? ఖాళీ కిందే లెక్క.
- రెండు ఎంపికలు రాసినా, "ఏదైనా పర్లేదు" అన్నా? జవాబు ఇచ్చినట్టే, కానీ ఏ ఎంపికకూ చేర్చం.

చివరి నియమం దగ్గర చాలామంది జారతారు. "ఇడ్లీ, దోశ" అన్నవారికి చెరో సగం వేయడం, లేదా ముందు రాసిందే అసలుదని అనుకోవడం కనిపిస్తుంటుంది. ఫ్లాట్‌కు ఒక్కటే అని ముందు చెప్పాక అలా చేస్తే మిగతావారికి అన్యాయం.

4. రెట్టింపులు పట్టుకోండి

ఫ్లాట్ నంబర్లు కూడా అందరూ ఒకేలా రాయరు. G-2 అని ఒకసారి, g2 అని ఇంకోసారి వచ్చింది. ఇలాగే వెతికితే షీట్ ఇవి రెండు వేర్వేరు ఫ్లాట్లు అనుకుంటుంది. అందుకే ముందు E నిలువు వరుసలో నంబర్లను ఒక దారికి తేవాలి:

```
=UPPER(SUBSTITUTE(SUBSTITUTE(TRIM(C2),"-","")," ",""))
```

ఇది అడ్డగీతనూ ఖాళీ జాగానూ తీసి, అక్షరాలను పెద్దవిగా మారుస్తుంది. G-2, g2, "G 2" మూడూ G2 అవుతాయి. దీన్ని E2 నుంచి E22 దాకా లాగండి. తర్వాత ఒక్కో ఫ్లాట్ ఎన్నిసార్లు ఉందో I నిలువు వరుసలో చూడండి:

```
=COUNTIF(E$2:E$22,E2)
```

1 కంటే ఎక్కువ వచ్చినవి ఆరు వరుసలు, మూడు ఫ్లాట్లు. ఒక్కోదానిలో కారణం వేరు, అందుకే విడివిడిగా చూడాలి.

203: సమయం, జవాబు అన్నీ ఒకటే. సమర్పించే మీట రెండుసార్లు నొక్కేశారు. 3వ వరుస తీసేసి 4వది ఉంచాలి.

101: 18:02కి Idli, 19:15కి దోశ. ఇది మనసు మార్చుకోవడం, లేదా ఇంట్లో ఇద్దరు విడివిడిగా నింపడం. ఏది నిజమో షీట్ చెప్పదు, కానీ నియమం ఒకటే కాబట్టి 14వది ఉంచుతాం. అనుమానం బాగా ఉంటే ఆ ఫ్లాట్ వారిని అడగండి.

G2: మొదటిసారి ఖాళీగా వెళ్లింది, తర్వాత నింపారు. 20వది ఉంచాలి.

తీసేయడమంటే వరుసను చెరిపేయడం కాదు. H నిలువు వరుసకు "స్థితి" అని పేరు పెట్టి, తీసేసిన వాటికి "రెట్టింపు" అని, మిగతా అన్నిటికీ "ఉంచు" అని రాయండి. మనకు 2, 3, 7 వరుసలు రెట్టింపు. మిగిలినవి 18 ఫ్లాట్లు.

ఇక్కడే మెనూలోని Data, Data cleanup, Remove duplicates నొక్కేయాలని చేయి లాగుతుంది. ఈ పనికి అది వద్దు. అన్ని నిలువు వరుసలనూ ఎంచుకుంటే వరుస సంఖ్యలు వేరు కాబట్టి ఒక్కటీ పోదు. ఫ్లాట్ ఒక్కటే ఎంచుకుంటే పైనున్నది ఉంచి కిందివి తీసేస్తుంది. అప్పుడు 101కి పాత జవాబు, G2కి ఖాళీ మిగులుతాయి. మన నియమానికి సరిగ్గా ఎదురన్నమాట.

ఇంకో పొరపాటు కూడా తరచూ జరుగుతుంది. ఫ్లాట్ల ప్రకారం క్రమంలో పెడదామని C ఒక్కదాన్నే ఎంచుకుని అమరుస్తారు. పక్క గళ్లు కదలవు, ఎవరి జవాబు ఎవరిదో తెలియకుండా పోతుంది. అమర్చాలనుకుంటే మొత్తం పట్టికను ఎంచుకునే అమర్చండి. ఇన్ని తక్కువ వరుసలకు అమర్చకుండా కంటితో చూసినా సరిపోతుంది.

పేర్లతో వెతికేవారికి ఒక మాట. ఫ్లాట్ నంబరు, రోల్ నంబరు లాంటి గుర్తు లేకుండా పేరు ఒక్కటే ఉంటే, పేరు కలిసినంత మాత్రాన రెట్టింపు అనకండి. ఒకే భవనంలో ఇద్దరు లక్ష్మిగార్లు ఉండటం మామూలే.

5. ఖాళీలు, ఖాళీలా లేని ఖాళీలు

పట్టికలో నిజంగా ఖాళీగా ఉన్నది 7వ వరుస ఒక్కటే, అదీ రెట్టింపు కింద పోయింది. 303 వాళ్లు గీత పెట్టారు. అది మన నియమం ప్రకారం ఖాళీ. వీటికి మించి ఇబ్బంది పెట్టేది స్పేస్ మీట నొక్కి వదిలేసిన గడి. కంటికి ఖాళీ, COUNTBLANK దాన్ని ఖాళీగా లెక్కించదు. అందుకే జవాబులను F నిలువు వరుసలో ఇలా తుడవాలి:

```
=LOWER(TRIM(SUBSTITUTE(SUBSTITUTE(D2,UNICHAR(8204),""),UNICHAR(160)," ")))
```

TRIM ముందూ వెనకా ఉన్న ఖాళీ జాగాలను తీసేస్తుంది. 160 అనేది వెబ్ పేజీల నుంచి అతికించినప్పుడు వచ్చే మొండి ఖాళీ. దాన్ని ముందు మామూలు ఖాళీగా మార్చాలి. 8204 మాత్రం తెలుగువాళ్లకే ఎక్కువగా ఎదురయ్యేది. పొల్లు తర్వాత వచ్చే అక్షరం ఒత్తుగా మారకుండా కీబోర్డు పెట్టే, కంటికి కనిపించని గుర్తు అది. "స్క్రీన్‌షాట్" అనే మాటలో న్ తర్వాత ఉండేది అదే. ఒకరి ఫోన్ అది పెడుతుంది, ఇంకొకరి ఫోన్ పెట్టదు. రెండు మాటలు ఒకేలా కనిపిస్తూ షీట్ మాత్రం వేరు అంటుంటే ముందు దీన్ని అనుమానించండి. గడి పొడవు చూస్తే బయటపడుతుంది:

```
=LEN(D2)
```

ఒకేలా కనిపించే రెండు గళ్లకు వేర్వేరు సంఖ్యలు వస్తే లోపల ఏదో దాగి ఉన్నట్టే. స్క్రీన్‌షాట్ నుంచి చేత్తో టైపు చేస్తే ఈ గుర్తు మీ కీబోర్డు నుంచే రావచ్చు కాబట్టి, సూత్రం అందరికీ అవసరమే.

6. రాతలను ఒక దారికి తేండి

F లో వచ్చిన వేర్వేరు రాతలన్నీ ఒకచోట చూడటానికి:

```
=SORT(UNIQUE(F2:F22))
```

ఖాళీని వదిలేస్తే 16 రకాలు వస్తాయి. నాలుగు టిఫిన్లకు 13 రాతలు, పైన గీత, "ఏదైనా పర్లేదు", "ఇడ్లీ, దోశ". ఇప్పుడు MAP అనే పేరుతో ఇంకో పేజీ తెరిచి, A2 నుంచి ఈ 16 రాతలనూ, B లో వాటికి ఎదురుగా ఖరారు చేసిన పేరునూ రాయండి:

| వచ్చిన రాత | ఖరారు |
|---|---|
| idli, idly, ఇడ్లి, ఇడ్లీ | ఇడ్లీ |
| దోశ, దోసె, dosa | దోశ |
| poori, puri, పూరి, పూరీ | పూరీ |
| upma, ఉప్మా | ఉప్మా |
| - | ఖాళీ |
| ఏదైనా పర్లేదు | చేర్చనిది |
| ఇడ్లీ, దోశ | చేర్చనిది |

ఇక్కడ చోటు కోసం కలిపి చూపించాం. మీ పేజీలో ఒక్కో రాత ఒక్కో వరుసలో ఉండాలి, అంటే A2 నుంచి A17 వరకు. గీతను కూడా అలాగే ఒక గడిలో రాయండి.

ఈ పట్టిక చేయడంలోనే అసలు తెలివి ఉంది, దీన్ని ఏ సూత్రానికీ వదలకండి. ఇడ్లి, ఇడ్లీ ఒకటే, దోశ, దోసె ఒకటే అని తెలుగు తెలిసినవారికి వెంటనే తెలుస్తుంది. కానీ రాత దగ్గరగా ఉందని వేరే వంటకాన్ని కలిపేయకూడదు. ఎవరైనా "పూర్ణం" అని రాస్తే అది పూరీ కాదు. "పెసరట్టు" అంటే దోశ లాంటిదే కదా అని దోశలో వేయకూడదు. "మసాలా దోశ" అంటే దోశే కాబట్టి కలపవచ్చు, కానీ "పెసరట్టు ఉప్మా" అంటే ఉప్మా కాదు, జాబితాలో లేని ఇంకో వంటకం. తేల్చుకోలేకపోతే "చేర్చనిది" అని రాసి ఆ ఫ్లాట్‌ను అడగండి.

కొందరు MAP లేకుండా వెతికి మార్చే పెట్టెతోనే పని కానిచ్చేస్తారు. ఒకటి రెండు రాతలకు అదీ పర్వాలేదు. అయితే Match entire cell contents గడిలో టిక్కు పెట్టడం మరవకండి. లేకపోతే ఇడ్లీ కోసం చేసిన మార్పు "ఇడ్లీ, దోశ" లోపలికీ దూరుతుంది. పైగా ఏది దేనిగా మార్చారో తర్వాత చూపించలేరు.

ఇక G నిలువు వరుసలో:

```
=IF(F2="","ఖాళీ",IFERROR(VLOOKUP(F2,MAP!$A$2:$B$17,2,FALSE),"చూడాలి"))
```

G లో ఎక్కడైనా "చూడాలి" అని వచ్చిందంటే ఆ రాత MAP లో లేదు. రెండో మెట్టులో చెప్పిన ldli లాంటివి ఇక్కడ దొరుకుతాయి. స్క్రీన్‌షాట్‌తో పోల్చి, మీరు టైపు చేయడంలో తప్పయితే D లోనే దిద్దండి. నిజంగానే ఎవరో అలా రాసి ఉంటే MAP లో చేర్చి, సూత్రంలోని 17ను పెంచండి.

7. లెక్కపెట్టండి

ప్రతి ఎంపికకూ ఒక గడిలో:

```
=COUNTIFS(G$2:G$22,"దోశ",H$2:H$22,"ఉంచు")
```

దోశ స్థానంలో మిగతా మూడు పేర్లూ, తర్వాత "ఖాళీ", "చేర్చనిది" కూడా పెట్టి చూడండి. ఇవీ ఫలితాలు:

| ఎంపిక | ఓట్లు |
|---|---|
| దోశ | 5 |
| ఇడ్లీ | 4 |
| పూరీ | 4 |
| ఉప్మా | 2 |
| ఖాళీ | 1 |
| చేర్చనిది | 2 |

శుభ్రం చేయకుండా D మీదే "ఇడ్లీ", "దోశ", "పూరీ" అని లెక్కపెట్టి ఉంటే తలా 2 వచ్చేవి, ఉప్మాకు 1. పైగా పూరీకి వచ్చిన ఆ రెండూ ఒకే ఫ్లాట్‌వి. రాతలు మాత్రం కలిపి, రెట్టింపులు వదిలేసి ఉంటే ఇడ్లీ 5, పూరీ 5, దోశ 5 అని మూడింటికీ సమానం వచ్చేది. సగం పనిచేసి ఆగినా ఫలితం తారుమారవుతుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

8. సరిచూసుకోండి

మొదటి పరీక్ష కూడిక. లెక్కకు వచ్చినవి 15, రెట్టింపులు 3, ఖాళీ 1, చేర్చనివి 2. మొత్తం 21. ఎక్కించిన వరుసలు కూడా 21. ఒక్కటి తేడా వచ్చినా ఎక్కడో H లో "ఉంచు" రాయడం మరిచారు, లేదా "ఉంచు" తర్వాత ఒక ఖాళీ జాగా పడింది, లేదా G లో "చూడాలి" మిగిలిపోయింది. సాధారణంగా ఈ మూడింట్లోనే ఉంటుంది.

రెండో పరీక్ష చేత్తో. షీట్ చూడకుండా, స్క్రీన్‌షాట్ ముందు పెట్టుకుని, కాగితం మీద నాలుగు పేర్లు రాసి గీతలు గీయండి. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డంగా. రెట్టింపు వరుసలను బొమ్మ మీదే కొట్టేసుకుంటూ వెళ్లండి. 21 వరుసలకు అయిదు నిమిషాలు పడుతుంది. షీట్ లెక్కా కాగితం లెక్కా కలిస్తే ధైర్యంగా చెప్పవచ్చు. కలవకపోతే తేడా వచ్చిన ఎంపిక ఒక్కదాన్నే మళ్లీ చూడండి, మొత్తం తిరగేయక్కర్లేదు.

శాతాలు చెప్పాలంటే దేని మీద చెబుతున్నారో తెలియజేయాలి. దోశకు 15లో 5, అంటే 33.3 శాతం. 21తో భాగిస్తే 23.8 శాతం వస్తుంది, కానీ ఆ 21లో రెట్టింపులు ఉన్నాయి కాబట్టి అది తప్పు. ఇన్ని తక్కువ ఓట్లకు శాతం కంటే "15లో 5" అనడమే సూటిగా ఉంటుంది.

మూడో పరీక్షను చాలామంది వదిలేస్తారు. లెక్కలోకి రానివారు ఫలితాన్ని మార్చగలరా? మొదటి స్థానానికీ రెండో స్థానానికీ తేడా 1. లెక్కలోకి రాని ఫ్లాట్లు మూడు: 303, 301, 403. ఈ ముగ్గురిలో ఇద్దరు ఇడ్లీ అని, మూడోవారు దోశ అనకపోతే ఇడ్లీ 6 అయి దోశను దాటిపోతుంది. అంటే ఈ ఫలితం ఇంకా ఖాయం కాలేదు. తేడా 4 ఉండి ఉంటే ఆ మూడింటిని పట్టించుకోకుండా ఫలితం చెప్పేయవచ్చు. ఇక్కడ మాత్రం వంటవాళ్లకు చెప్పే ముందు ముగ్గురికీ ఫోన్ చేసి అడగాలి.

అడిగి తెలుసుకున్న జవాబును పాత గడిలో దిద్దకండి. కింద 23వ వరుసగా కొత్తగా చేర్చి, సమయం దగ్గర "ఫోన్‌లో" అని రాసి, పాత వరుసకు "రెట్టింపు" పెట్టండి. సూత్రాల్లో 22 ఉన్నచోటల్లా పరిధిని పెంచి, కూడిక పరీక్ష మళ్లీ చేయండి. ఒక్క ఫోన్ జవాబు చేరితే మొత్తం 22, రెట్టింపులు 4 అవుతాయి.

గ్రూపులో పెట్టేటప్పుడు ఫలితంతో పాటు ఏం చేశారో కూడా రెండు ముక్కల్లో రాస్తే తర్వాత వాదనలు ఉండవు. ఇలా: "21 జవాబులు వచ్చాయి. 3 రెట్టింపులు తీసేశాం, ఒకే ఫ్లాట్ రెండుసార్లు నింపితే చివరిది ఉంచాం. 18 ఫ్లాట్లలో 15 లెక్కకు వచ్చాయి: దోశ 5, ఇడ్లీ 4, పూరీ 4, ఉప్మా 2. 303, 301, 403 ఫ్లాట్ల వారు ఈ రాత్రి 9 లోపు ఒక్కటే ఎంచుకుని చెప్పండి, ఆ తర్వాతే ఖరారు చేస్తాం."